అమ్మమ్మ ముఖం ఎందుకు తెల్లబడింది?

సార్, మాది పర్లాకిమిడి, చిన్న ఫోటో స్టూడియో. పెళ్లి గ్రూప్ ఫోటోలో పెళ్లికూతురు అమ్మమ్మగారు కళ్లు మూసేశారు. ఇంకో ఫోటోలోని ఆవిడ ముఖమే తెచ్చి స్వాప్ చేస్తే నలభై ఏళ్ల మనిషిలా, తెల్లగా వచ్చింది. పందిరి నీడలో ఉన్న మేనమామగారి ముఖాన్ని సాఫ్ట్‌వేర్ అసలు పట్టుకోలేదు. నా సెట్టింగ్ తప్పా?

సెట్టింగ్ కొంతే, ఎక్కువ తప్పు ఆ సాఫ్ట్‌వేర్‌కు నేర్పిన ఫోటోలది. ముందు మేనమామగారి సంగతి. ఫోటోలో ముఖాలు వెతికే డిటెక్టర్ ప్రతి ముఖానికీ ఒక స్కోరు ఇస్తుంది, అది గీత దాటితేనే ముఖమని ఒప్పుకుంటుంది. నేర్చుకున్న ఫోటోల్లో నల్లని ఒంటి రంగు వాళ్లు తక్కువైతే, నీడలో ముక్కుకీ చెంపకీ ఉండే సన్నని తేడా దానికి అలవాటుండదు, స్కోరు పడిపోతుంది. మీరు వాడేది ఇన్‌సైట్‌ఫేస్ అయితే మామూలు గీత 0.5, దాన్ని దించి చూడండి:

```
app.prepare(ctx_id=0, det_thresh=0.3, det_size=(640, 640))
```

గీత దించితే పూలదండలూ చీర అంచులూ కూడా ముఖాలుగా రావచ్చు, కంటితో ఏరేయాలి. నీడదా, రంగుదా అని తేల్చడానికి అదే నీడలో నిలబడ్డ తెల్లని మనిషి ముఖం 0.5 దగ్గరే దొరికిందేమో చూడండి. అలా నలుగురైదుగురి విషయంలో జరిగితే నీడ ఒక్కదాన్నే అనలేం.

ఇది ఒక్క మీ ఫోటోలోనే కాదు. 2018లో జాయ్ బులమ్వినీ, టిమ్నిట్ గెబ్రూ అనే పరిశోధకులు ముఖం చూసి ఆడో మగో చెప్పే మూడు కంపెనీల ప్రోగ్రాములను పరీక్షించారు. నల్లని మహిళల దగ్గర తప్పులు 34.7 శాతం దాకా వెళ్లాయి, తెల్లని మగవాళ్ల దగ్గర 0.8 దాటలేదు. అప్పట్లో వాడుకలో ఉన్న ఆడియన్స్ అనే ఫోటోల సెట్లో 86.2 శాతం తెల్లని ముఖాలేనని కూడా లెక్క తేల్చారు.

ఇక అమ్మమ్మగారు. `inswapper_128` లాంటి స్వాప్ మోడల్ ముఖాన్ని 128 పిక్సెల్స్‌లోనే గీస్తుంది, సన్నని ముడతలు అక్కడే పోతాయి. ఆ మసకను పదును చేయడానికి జీఎఫ్‌పీగ్యాన్ లాంటి ఎన్‌హాన్సర్ పెడతారు కదా, అది పోయిన చర్మాన్ని వెతికి తేదు, తను చూసిన ముఖాల్లోంచి కొత్తగా అల్లుతుంది. అది నేర్చుకున్నది ఫ్లికర్ నుంచి తీసిన 70,000 ఫోటోల సెట్టు మీద. ఆ సైట్లో ఎవరి ఫోటోలు ఎక్కువుంటే ఆ పోలికలే ఎక్కువ, మన ముసలమ్మలు ఎందరుంటారు చెప్పండి!

ఎన్‌హాన్సర్ ఆపేసి మళ్లీ స్వాప్ చేయండి. ముఖం మసకగా ఉన్నా రంగు మెడతో కలిస్తే తప్పు ఎన్‌హాన్సర్‌ది. అప్పటికే మెడ కంటే తేలిపోయి ఉంటే స్వాప్ మోడల్‌దే. గడ్డం మీద పచ్చబొట్టు ఉంటే అదీ చూడండి, చాలాసార్లు ముందు చెరిగిపోయేది అదే, ఇంటివాళ్లు వెంటనే కనిపెట్టేదీ అదే.

అయినా రెండు ఫోటోల్లోనూ ఒకే మనిషి కదా, ఈ పనికి స్వాప్ ఎందుకండీ? కళ్లు తెరిచిన ఫోటోలోంచి కనురెప్పల చుట్టూ ఉన్న ముక్క మాత్రం లేయర్‌గా తెచ్చి, మాస్క్ వేసి అంచు మెత్తబరచండి. ముడతలూ రంగూ ఆవిడవే ఉంటాయి.