మైనరుగా ఉన్నప్పుడు కొన్న ఫండ్ యూనిట్లు: పాన్ లేదు, ఇంటిపేరు మారింది

ప్రశ్న: 2005లో, నాకు తొమ్మిదేళ్లప్పుడు, అంబాజీపేటలో ఉంటున్న మా నాన్నగారు నా పేరిట మూడు మ్యూచువల్ ఫండ్ ఫోలియోలు తీసుకున్నారు. రెండు ఒకే సంస్థవి. వాటిలో నా పాన్ లేదు, పుట్టింటి ఇంటిపేరు ఉంది, ఆంధ్రా బ్యాంకు ఖాతా నంబరు ఉంది. ఇప్పుడు పాలకొల్లులో ఉంటున్నాను. నా పాన్ మావారి ఇంటిపేరుతో ఉంది. తాను సంతకం పెట్టి డబ్బు తీసి ఇస్తానని, దాంతో ఒకే ఫండ్ కొనుక్కోమని నాన్నగారు అంటున్నారు. చేయవచ్చా?
— ఒక పాఠకురాలు, పాలకొల్లు

జవాబు: చేయరాదు. మీకు పద్దెనిమిదేళ్లు నిండిన 2014లోనే సంరక్షకుడిగా మీ నాన్నగారి అధికారం ముగిసింది. ఆ రోజు నుంచి ఆ ఫోలియోలలో, అంటే ఫండ్ సంస్థలో మీ పేరిట ఉన్న ఖాతాల్లో, లావాదేవీలు నిలిచిపోయి ఉంటాయి. ఆయన సంతకంతో వెళ్లే దరఖాస్తు తిరిగి వస్తుంది. యూనిట్లు మాత్రం ఎక్కడికీ పోలేదు, అవి మీవే.

మీ ఫండ్ పెట్టుబడులన్నిటినీ ఒకేచోట చూపే కన్సాలిడేటెడ్ స్టేట్‌మెంటులో అవి కనిపించకపోతే దానికి కారణం పాన్ లేకపోవడమే. ఫండ్ పెట్టుబడులన్నిటికీ పాన్ తప్పనిసరి అయింది 2007 జులై నుంచి. అంతకుముందు చిన్న మొత్తాలకు అక్కరలేదు. కాబట్టి మీ పాన్‌తో వెతికితే ఏమీ దొరకదు. నాన్నగారి బీరువాలోని పాత స్టేట్‌మెంటు చూసి ఫోలియో నంబరు పట్టుకోండి. కాగితం దొరకకపోతే, పదేళ్లుగా కదలిక లేని ఫోలియోలను వెతకడానికి 2025లో వచ్చిన 'మిత్ర' సదుపాయంలో పాత పేరు, పుట్టిన తేదీ, పాత బ్యాంకు ఖాతా నంబరు వంటి వివరాలతో ప్రయత్నించండి.

ఇక అసలు చిక్కు పేరుది. మన జిల్లాల్లో ఇంటిపేరును ముందు ఒక్క అక్షరంగా రాసే అలవాటు ఉంది. పాన్ కార్డులో అది పూర్తిగా విడమరిచి ఉంటుంది. మీ విషయంలో ఆ అక్షరం కూడా మారింది. అందుకని ముందు పాన్, ఆధార్, బ్యాంకు ఖాతా మూడింటిలోనూ పేరు ఒకేలా ఉండేట్లు చూసుకొని, పాన్-ఆధార్ అనుసంధానం అయిందని నిర్ధారించుకొని, ఆ తరువాతే కేవైసీ చేయించండి. కేవైసీ స్థితి 'వ్యాలిడేటెడ్' అని వచ్చేదాకా ఫోలియోల జోలికి వెళ్లకండి. ఈ వరుస తప్పినవారే ఒకే దరఖాస్తును మూడుసార్లు పంపుతుంటారు. పాత పేరుకూ కొత్త పేరుకూ వివాహ నమోదు పత్రం వంతెన అవుతుంది. ఇద్దరూ ఒక్కరేనని నోటరీ ముందు చేసిన అఫిడవిట్ కూడా దగ్గర ఉంచుకోండి. 2022లో అంబాజీపేట కోనసీమ జిల్లాలోకి వెళ్లడంవల్ల పాత చిరునామాలో జిల్లా పేరు తేడాగా ఉన్నా కంగారు పడవద్దు, కొత్త చిరునామా కేవైసీ నుంచే తీసుకుంటారు.

తరువాత ఒక్కొక్క సంస్థకు, మైనరు మేజరు అయినట్లు నమోదు చేయమని కోరే దరఖాస్తు ఇవ్వాలి. పాన్, కేవైసీ రుజువు, మీ పేరు ముద్రించి ఉన్న క్యాన్సిల్డ్ చెక్కు జతచేయాలి. మీ సంతకాన్ని మీ బ్యాంకు మేనేజరు ధ్రువీకరించాలి. ఈ చెక్కు మీ ప్రస్తుత ఖాతాది కావాలి. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైంది కనుక పాత వివరాలతో డబ్బు వేయబోతే వెనక్కి పోవచ్చు. నామినీ పేరు కూడా అప్పుడే రాయించండి.

ఇది పూర్తయ్యాక, ఒకే సంస్థలోని రెండు ఫోలియోలను కలపమని ఒక లేఖ ఇస్తే సరిపోతుంది. అది అమ్మకం కాదు, పన్ను పడదు. మూడో ఫోలియో వేరే సంస్థది కాబట్టి వాటితో కలవదు. మూడూ ఒకేచోట కనబడాలంటే డీమ్యాట్ ఖాతాలోకి మార్చుకోవచ్చు.

నాన్నగారు చెప్పిన రెండో మాటకు, అంటే అమ్మి ఒకే ఫండ్ కొనడానికి, మాత్రం పన్ను ఉంది. అమ్మేది మీరు మేజరు అయ్యాక కనుక లాభం నాన్నగారి ఆదాయంలో కాక మీ ఆదాయంలోనే చేరుతుంది. ఉదాహరణకు ఈక్విటీ ఫండులో ఆయన పెట్టింది 10,000 రూపాయలు, 2018 జనవరి 31న దాని విలువ 70,000, ఇప్పుడు 2,00,000 అనుకుందాం. చట్టం ఆ తేదీ నాటి విలువనే కొన్న ధరగా తీసుకోనిస్తుంది కాబట్టి లాభం 1,90,000 కాదు, 1,30,000. ఏడాదికి 1,25,000 వరకు మినహాయింపు పోగా మిగిలిన 5,000 మీద 12.5 శాతం చొప్పున 625 రూపాయలు, పైన సెస్సు. మూడు ఫోలియోలూ ఒకే ఏడాది అమ్మితే ఆ మినహాయింపు మొత్తం మీద ఒక్కసారే వస్తుంది.

మీ పేరిట ఆంధ్రా బ్యాంకులో ఉన్న పాత పొదుపు ఖాతా పదేళ్లు కదలకుండా ఉంటే ఆ డబ్బు రిజర్వు బ్యాంకు నిధికి వెళ్లి ఉంటుంది. అలాంటి డబ్బును వెతకడానికి రిజర్వు బ్యాంకు పెట్టిన 'ఉద్గం' పోర్టల్‌లో చూసి, పైన చెప్పిన పేరు పత్రాలతోనే యూనియన్ బ్యాంకు శాఖలో అడగండి, బ్యాంకే చెల్లిస్తుంది.