జబ్బు తగ్గినా బాబు ఎత్తు అందుకోవడం లేదు

ప్రశ్న: మా బాబుకి తొమ్మిదేళ్లు. ఐదో ఏట నెఫ్రోటిక్ సిండ్రోమ్ అనే కిడ్నీ జబ్బు వచ్చి నాలుగుసార్లు తిరగబెట్టింది. ఏడాదిన్నర కిందట డాక్టర్ మందులు ఆపేశారు. ఎప్పుడైనా ముఖం ఉబ్బితే మిగిలిన స్టెరాయిడ్ మాత్రలు రెండు మూడు రోజులు వేస్తున్నాం. నిరుడు 114 సెంటీమీటర్లు, ఇప్పుడు 118. ఎత్తు పెరగడానికి మంచి టానిక్ చెప్పండి.

జవాబు: టానిక్ సంగతి తర్వాత. ముందు ఆ మిగిలిన మాత్రలు వేయడం మానండి. ముఖం ఉబ్బిందంటే జబ్బు మళ్లీ తిరగబెట్టి ఉండవచ్చు. రెండు మూడు రోజుల మందుతో వాపు కాస్త తగ్గినట్టు కనిపించినా, మూత్రంలో ప్రొటీన్ పోతూనే ఉండొచ్చు. అలా ఎన్నిసార్లు వేశారో తేదీలతో రాసి మీ డాక్టర్‌కు చూపించండి, దాచకండి. ఒకమాట, డాక్టర్ రాసి రోజూ వాడిస్తున్న స్టెరాయిడ్‌ను మాత్రం ఎవరూ సొంతంగా ఆపకూడదు.

ఇక ఎత్తు. ఈ వయసు పిల్లలు మామూలుగానే ఏడాదికి అయిదారు సెంటీమీటర్లు పెరుగుతారు. జబ్బూ స్టెరాయిడ్లూ ఎముకల చివర ఉండే గ్రోత్ ప్లేట్లలో కణాల విభజనను నెమ్మదింపజేస్తాయి. ఆ అడ్డు తొలగాక, వాడుకోకుండా మిగిలిన శక్తితో అవి కొంతకాలం మామూలు కంటే వేగంగా పనిచేస్తాయి. వెనకబడిన ఎత్తును బిడ్డ అందుకునేది అప్పుడే. మీ బాబు పెరిగింది నాలుగే. అంటే అందుకోవడం సంగతి అటుంచి, ఇంకా వెనకబడుతున్నాడు. అడ్డు పూర్తిగా తొలగలేదనే నా అనుమానం.

అడ్డు తొలగినా అందరికీ లోటు మొత్తం తీరదు. జబ్బు ఏళ్ల తరబడి సాగినా, స్టెరాయిడ్ మొత్తం ఎక్కువైనా కొంత మిగిలిపోతుంది. అన్నిటికన్నా ముఖ్యం టైమ్. యుక్తవయసు వచ్చాక గ్రోత్ ప్లేట్లు మెల్లగా మూసుకుపోతాయి, ఆ తర్వాత ఏ మందూ పనిచేయదు. అందుకే ఎడమచేతి ఎక్స్‌రే తీయించి ఎముకల వయసు చూడాలి. అది ఏడేళ్లని వస్తే పెరగడానికి ఇంకా వ్యవధి ఉన్నట్టు. పదకొండని వస్తే ఆలస్యం చేయలేం. అమ్మానాన్నల ఎత్తులూ సెంటీమీటర్లలో కొలవండి. రెండూ కలిపి, అబ్బాయి కాబట్టి 13 చేర్చి, సగం చేస్తే అతను సుమారుగా ఎంత ఎత్తు కావచ్చో తెలుస్తుంది.

ఇంట్లో ఉదయం మొదటి మూత్రాన్ని స్ట్రిప్‌తో చూడండి. వరసగా మూడు రోజులు ప్రొటీన్ మూడు ప్లస్సులు వస్తే అదే తిరగబెట్టడం, వెంటనే వెళ్లండి. రాకపోయినా ఈ వారంలోనే పిల్లల కిడ్నీ డాక్టర్‌ను కలవండి. క్రియాటినిన్, థైరాయిడ్ పరీక్షలూ అవసరం కావచ్చు. ప్రొటీన్‌తో పాటు థైరాయిడ్ హార్మోన్ కూడా మూత్రంలో పోతుంది, అది తగ్గినా ఎత్తు ఆగుతుంది. బాబును చూడకుండా ఇంతకన్నా చెప్పలేను. టానిక్ మాత్రం ఇప్పుడు కొనకండి.