ప్రతి ర్యాకులోనూ మూడో వంతు తీయకండి

ప్రశ్న: విజయవాడ ఆటోనగర్‌లో లారీ విడిభాగాలు అమ్మే హోల్‌సేల్ దుకాణానికి మేనేజర్‌ని. కొన్న ధర ప్రకారం గోదాములో 90 లక్షల రూపాయల సరుకు ఉంది. నెలకు 20 లక్షల సరుకు అమ్ముడవుతుంది. మార్చి నెలాఖరుకల్లా సరుకును 60 లక్షలకు దించాలని మా యజమాని అన్నారు. సరుకు లేదని మెకానిక్కులు వేరే దుకాణానికి పోకూడదు, ఏళ్లుగా అరువిస్తున్న సప్లయర్లు నొచ్చుకోకూడదు. సరుకు హామీ మీద బ్యాంకు అప్పిచ్చే సీసీ ఖాతా కూడా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: ముందుగా చేయకూడని పని చెబుతాను. నేను లెక్కలు చూసిన ఒక దుకాణంలో అన్ని వస్తువుల కొనుగోళ్లనూ సమానంగా మూడో వంతు తగ్గించేశారు. రెండు నెలల్లో రోజూ అడిగే సరుకు అయిపోయింది. ఎవరూ అడగనిది మాత్రం అలాగే మిగిలింది. సరుకు విలువ తగ్గింది కానీ గిరాకీ కూడా పోయింది. ఆ పొరపాటు మీ దగ్గర జరగకూడదు.

కంప్యూటర్‌లోంచి గడిచిన ఏడాది అమ్మకాలు తీసి, సరుకును మూడు కుప్పలుగా విడగొట్టండి: రోజూ కదిలేది, అప్పుడప్పుడు అడిగేది, ఆరు నెలలుగా ఒక్కటి కూడా పోనిది. వానాకాలం వైపర్ బ్లేడ్లలాంటివి జనవరిలో కదలవు కాబట్టి వాటిని మూడో కుప్పలో పడేయకండి. అలాగే క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగు కలిపి కొనే మెకానిక్కుకు అందులో ఒకటి లేకపోయినా మిగతా రెండూ అమ్ముడుపోవు. అలాంటి జతలను ఒకే కుప్పలో ఉంచండి.

మీ దుకాణంలో ఈ విభజన ఇలా తేలిందనుకుందాం: వేగంగా కదిలేది 30 లక్షలు, మధ్యరకం 36 లక్షలు, కదలనిది 24 లక్షలు. అప్పుడు నేనైతే మొదటి కుప్పను 25కు, రెండోదాన్ని 23కు, మూడోదాన్ని 12కు దించుతాను. మొత్తం 60 అవుతుంది. మెకానిక్కు రోజూ అడిగే సరుకులో తగ్గేది 5 లక్షలే. కోత బరువంతా మిగతా రెండు కుప్పల మీదే పడుతుంది.

వేగంగా కదిలే సరుకు విషయంలో తగ్గించాల్సింది ఒక్కోసారి కొనే మోతాదు. ఒక క్లచ్ ప్లేటును తీసుకుందాం. నెలకు 40 పోతాయి, అంటే పని దినానికి ఒకటిన్నర. ఇప్పుడు మూడు నెలలకు సరిపడా 120 ఒకేసారి తెప్పిస్తున్నారనుకోండి. ఆర్డరిచ్చాక చెన్నై నుంచి సరుకు సాధారణంగా 6 రోజుల్లో వస్తుంది, ఆలస్యమైతే 10 రోజులు. గిరాకీ బాగా ఉన్న రోజుల్లో రోజుకు 3 పోతాయి. కాబట్టి ర్యాకులో 30 మిగిలినప్పుడు ఆర్డరివ్వాలి. లారీ ఆలస్యమై పదో రోజున వచ్చినా, రోజుకు మూడు చొప్పున పోయినా ఆ 30 సరిపోతాయి. ఆర్డరు మాత్రం పదిహేను రోజులకు సరిపడా 20 చాలు. ఇలా చేస్తే ర్యాకులో సగటున 31 ప్లేట్లు ఉంటాయి. మూడు నెలలకోసారి తెప్పించే పద్ధతిలో ఆ సగటు 80కి తగ్గదు. ఢిల్లీ కశ్మీరీ గేటు నుంచి వచ్చే సరుకుకు రోజులు ఎక్కువ పడతాయి కాబట్టి ఎన్ని మిగిలినప్పుడు ఆర్డరివ్వాలో చెప్పే ఈ మట్టం దానికి వేరుగా కట్టాలి. చెన్నై సరుకు లెక్క దానికి పనికిరాదు.

ఈ లెక్క కట్టే ముందు వేగంగా కదిలే వస్తువులన్నిటినీ చేత్తో లెక్కపెట్టించండి. కంప్యూటర్‌లో నాలుగు ఉన్నట్టు చూపించి, ర్యాకులో ఒక్కటీ లేకపోతే ఆర్డరు వేయాల్సిన సమయం మీకు తెలియదు. దీనికి తోడు కౌంటరు మీద ఒక నోటు పుస్తకం ఉంచండి. “లేదు” అన్న ప్రతిసారీ వస్తువు పేరు, తేదీ రాయించండి. జరగని అమ్మకం ఏ బిల్లులోనూ కనిపించదు కాబట్టి ఈ పుస్తకమే మీ కళ్లు. ఒకే వస్తువు రెండు వారాల్లో మూడుసార్లు అందులో కనిపిస్తే దాని మట్టం పెంచండి. వేగంగా కదిలే సరుకు పేర్లు వారం వారం పెరుగుతుంటే కోత ఆపి కారణం వెతకండి.

మధ్యరకం సరుకు తగ్గేది కొనకుండా ఆగడం వల్లే. నెలకు 5 లక్షలు అమ్ముడయ్యే చోట 3 లక్షలకు కొంచెం తక్కువ కొంటే ఆరు నెలల్లో 13 లక్షలు దిగుతుంది. మీరు అక్టోబరులో మొదలుపెడితే మార్చికి పని పూర్తవుతుంది.

సప్లయర్లతో మాట్లాడాల్సింది ఇక్కడే, అదీ మొదటి చిన్న ఆర్డరు వెళ్లకముందే. మీ అమ్మకం తగ్గడం లేదు. ఆరు నెలల్లో మామూలుగా 120 లక్షలకు కొనేవారు, ఈసారి 102 లక్షలకు కొంటారు. ఏప్రిల్ నుంచి మళ్లీ నెలకు 20 లక్షలే. ఈ అంకెలు కాగితం మీద చూపించండి. కారణం తెలియక ఆర్డరు చిన్నదైతే, మీరు పక్క సప్లయరు దగ్గర కొంటున్నారని వారు అనుకుంటారు. ఆర్డరు నెలలో రెండు నిర్ణీత తేదీల్లో, అన్ని వస్తువులూ కలిపి ఒకే పార్శిలుగా ఇవ్వండి. అప్పుడు రవాణా ఖర్చు విపరీతంగా పెరగదు. వచ్చే నెల అంచనా కూడా ముందే పంపండి. వీటన్నిటికంటే ముఖ్యం, ఈ ఆరు నెలల్లో బాకీ చెల్లింపు ఒక్కరోజు కూడా జరపకండి. పైగా సప్లయరు సూక్ష్మ, చిన్న తరహా తయారీదారై ఉద్యం నమోదు ఉంటే, రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో చెల్లించాలి. ఆ గడువు దాటిన బాకీ ఏడాది చివర్లో మిగిలితే ఆ ఏడాది ఆదాయపు పన్నులో ఖర్చుగా చూపలేరు.

మార్చిలో ఎక్కువ కొంటే డిస్కౌంటు ఇచ్చే టర్నోవర్ స్కీములు వస్తాయి, జాగ్రత్త. సరుకు నిల్వ ఖర్చు వడ్డీ, అద్దె కలిపి నెలకు ఒకటిన్నర శాతం అనుకోండి. ఎనిమిది నెలలకు అమ్ముడయ్యే సరుకు సగటున నాలుగు నెలలు ఉంటుంది, అంటే 6 శాతం. 2 శాతం డిస్కౌంటు కోసం అది కొనడం నష్టమే. రెండు నెలల్లో పోయే సరుకైతే మాత్రం తీసుకోండి.

కదలని సరుకులో అసలు డబ్బాలో, లేబులుతో ఉన్నది సప్లయరుకు తిరిగి ఇవ్వవచ్చు. లక్ష రూపాయల సరుకు వెనక్కి తీసుకుంటే రెండు లక్షల కదిలే సరుకు ఆర్డరిస్తామని అడిగి చూడండి, చాలామంది ఒప్పుకుంటారు. గత ఆర్థిక సంవత్సరంలో కొన్నదైతే నవంబరు 30 లోపు ముగించండి. ఆ తేదీ దాటితే జీఎస్టీ తగ్గించి క్రెడిట్ నోటు ఇవ్వడానికి వారికి వీలుండదు. మిగిలింది తక్కువ ధరకైనా అమ్మేయండి. తుక్కుగా పారేస్తే దాన్ని కొన్నప్పటి జీఎస్టీ మీద తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్ వెనక్కి కట్టాలి.

చివరగా మీ యజమానికి ఇప్పుడే చెప్పాల్సిన మాట. సరుకులోంచి వచ్చే 30 లక్షలూ చేతికి రావు. సీసీలో డ్రాయింగ్ పవర్, అంటే మీరు వాడుకోగలిగే మొత్తం, సరుకు విలువను బట్టి ఉంటుంది. సరుకు 90, సప్లయర్ల బాకీ 25 అయితే, బ్యాంకు పాతిక శాతం మార్జిన్ తీసేస్తే 48.75 లక్షలు వాడుకోవచ్చు. సరుకు 60కి, బాకీ 20కి దిగితే అది 30 లక్షలవుతుంది. అంటే సీసీని పూర్తిగా వాడుకుని ఉంటే 18.75 లక్షలు బ్యాంకుకు, 5 లక్షలు సప్లయర్లకు పోగా మిగిలేది 6.25 లక్షలు. కదలని సరుకును నష్టానికి అమ్మితే ఇంకా తక్కువ. వడ్డీ పదిన్నర శాతమైతే ఏటా దాదాపు 2 లక్షలు ఆదా అవుతుంది, అది నిజమైన లాభం. కానీ ఆ 30 లక్షలతో స్థలమో, కొత్త కొట్టో కొనాలని ఆయన అడ్వాన్సు ఇచ్చి ఉంటే, ఈ లెక్క ఈ వారమే ఆయన ముందు పెట్టండి.