ఎపిస్టమాలజీ అంటే నాలెడ్జేనా?

సందేహం: ఎపిస్టమాలజీ అన్నా జ్ఞానం అన్నా ఒకటేనా? 'ఆయన ఎపిస్టమాలజీ చాలా ఎక్కువ' అని రాయొచ్చా? తెలుగులో దీన్ని ఏమనాలి?

సమాధానం: అలా రాయకూడదండీ. నాలెడ్జ్ మనిషికి ఉండేది. ఎపిస్టమాలజీ ఆ నాలెడ్జ్‌ని పరీక్షకు పెట్టే శాస్త్రం. గ్రీకులో 'ఎపిస్టీమీ' అంటే జ్ఞానం. స్కాట్లండ్ తత్త్వవేత్త జేమ్స్ ఫెర్రియర్ 1854లో ఈ మాటను ఇంగ్లీషులో ప్రచారంలోకి తెచ్చాడు. ఒక విషయం 'నాకు తెలుసు' అని ఎవరైనా అంటే, ఆ మాట అనడానికి వారికి ఏ అర్హత ఉందని ఈ శాస్త్రం అడుగుతుంది.

గోడ గడియారాన్నే తీసుకోండి. అది నిన్న సాయంత్రం 4:10కి ఆగిపోయింది. ఆ సంగతి మీకు తెలియదు. ఇవాళ సరిగ్గా 4:10కి దానివైపు చూసి 'టైము నాలుగూ పది' అనుకున్నారు. మీరు అనుకున్నది నిజమే. గడియారం చూసి చెప్పారు కాబట్టి ఆధారమూ ఉంది. అయినా టైము మీకు 'తెలుసు' అనడానికి నోరు రాదు. ఎందుకంటే ఇంకో ఐదు నిమిషాలు ఆగి చూసినా మీరు నాలుగూ పదే అనేవారు. మీ నమ్మకం నిజమైంది అదృష్టం కొద్దీ, గడియారం పనిచేసి కాదు.

నమ్మకం ఉండాలి, అది నిజమై ఉండాలి, దానికి తగిన ఆధారం ఉండాలి. ఈ మూడూ కలిస్తే జ్ఞానం అని చాలామంది అనుకునేవారు. 1963లో అమెరికా తత్త్వవేత్త ఎడ్మండ్ గెటియర్ మూడంటే మూడు పేజీల వ్యాసంలో ఇలాంటి చిక్కులే చూపించి ఆ లెక్క చాలదన్నాడు. నాలుగో షరతు ఏమిటన్న తగువు ఇంకా తెగలేదు.

మన క్రియలు కూడా ఈ తేడా పట్టుకుంటాయి. 'టైము నాలుగని అనుకున్నా, తీరా చూస్తే ఐదు' అంటాం. 'అనుకున్నా' బదులు అక్కడ 'నాకు తెలుసు' పెట్టి చూడండి, వాక్యం నిలవదు. తెలుసు అన్న మాట అబద్ధంతో పొసగదు.

ఇక తెలుగు మాట. 'జ్ఞానమీమాంస' వాడుకలో ఉంది, నా ఓటు దానికే. మీమాంస అంటే విచారణ కాబట్టి జ్ఞానమూ దాని శాస్త్రమూ కలగాపులగం కావు. ఒక చిన్న ఇబ్బంది మాత్రం ఉంది. మన ప్రాచీన తర్కశాస్త్రమైన న్యాయదర్శనంలో తాడును చూసి పాము అనుకోవడమూ ఒక రకం 'జ్ఞానమే', కాకపోతే భ్రమ. ఉన్నదాన్ని ఉన్నట్టు తెలుసుకుంటే దాన్ని 'ప్రమ' అన్నారు, అది కలిగించే సాధనాన్ని 'ప్రమాణం' అన్నారు. ఆ లెక్కన 'ప్రమాణశాస్త్రం' అన్నా తప్పు లేదు. కానీ ఆ మాట వినగానే ఇప్పటి పాఠకుడికి కోర్టు బోనులో ఒట్టు వేయడమే గుర్తొస్తుంది.