కారం గిర్ని అప్పుకు బ్యాంకులో మీ తమ్ముడు చెప్పవలసిన లెక్క

ప్రశ్న: మాది పరకాల దగ్గర ఊరు. ఎమ్మెస్ చదవడానికి అమెరికాకు వచ్చి ఏడాదిన్నర అయింది. హన్మకొండలో మా తమ్ముడు కారం, పిండి పట్టే గిర్ని పెట్టుకుంటానని ముద్రా లోనుకు దరఖాస్తు ఇచ్చాడు. మేనేజరు వచ్చే నెల మాట్లాడడానికి రమ్మన్నారు. నేను ఇక్కడి నుంచి ఫోను చేసి మాట్లాడితే మంచిదా? ఎంత డబ్బు పంపాలి? వాడు అక్కడ ఏం చెప్పాలి?

జవాబు: ఫోను చేయకండి. పదిహేడేళ్ల కిందట మా తమ్ముడు వరంగల్‌లో ఇలాంటి పని మీదే ఒక బ్యాంకుకు వెళ్లి, మేనేజరు ఎదుట కూర్చోగానే "మా అన్న అమెరికాలో ఉంటడు సార్" అని మొదలుపెట్టాడు. ఆయన మర్యాదగా అంతా విని, "మీ అన్న సంగతి సరే, నెలకు కిస్తీ ఎంత, అది గల్లాపెట్టెలో ఏ పని మీద వస్తది?" అని ఒక్కటే అడిగారు. మావాడి దగ్గర జవాబు లేదు. లెక్క రాసుకుని మళ్లీ రమ్మని పంపించేశారు. ఆయన అడిగినదే సరైన ప్రశ్న అని నాకు అర్థం కావడానికి కొంత కాలం పట్టింది. మీరు పంపే డబ్బు మీ ఉద్యోగం మీద, మీ వీసా మీద ఆధారపడి ఉంటుంది. దాన్ని బ్యాంకు చూడలేదు, అడగలేదు. గిర్ని మాత్రం దాని కళ్లముందే ఉంటుంది.

ముందుగా మీ వైపు నుంచి ఒక సంగతి చూసుకోండి. మీరు చదువు కోసం తీసుకున్న లోనులో నాన్నగారు గానీ తమ్ముడు గానీ సహ రుణగ్రహీతగా సంతకం చేశారా? చేసి ఉంటే, మీరు ఇక్కడ ఆలస్యం చేసిన ప్రతి కిస్తీ అక్కడ వాళ్ల సిబిల్ నివేదికలో కూడా కనిపిస్తుంది. వచ్చిన కొత్తలో నేను మూడు నెలలు ఆలస్యం చేశాను, మా తమ్ముడు రెండోసారి బ్యాంకుకు వెళ్లినప్పుడు అది బయటపడింది. తన తప్పు కాని దానికి వాడు సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది. సిబిల్ లాంటి ప్రతి క్రెడిట్ సమాచార సంస్థ ఏడాదికి ఒకసారి పూర్తి నివేదికను ఉచితంగా ఇస్తుంది కాబట్టి, మేనేజరు చూడకముందే మీ తమ్ముడిని తనది తెప్పించుకుని చూడమనండి. అందులో ఆలస్యం ఉంటే దాన్ని దాచకుండా, ఎప్పుడు కట్టేశారో చూపే రసీదు పట్టుకుని వెళ్లాలి.

ఇక లెక్క. మీరు రాసిన వివరాలు తక్కువ కాబట్టి, మా ఇంట్లో వేసుకున్న పద్ధతిలోనే ఒక నమూనా వేస్తున్నాను. ధరలను మీ తమ్ముడు తన వీధిలో విచారించి మార్చుకోవాలి.

మిరప పౌడరు యంత్రం, పిండి యంత్రం, జల్లెడ, మోటార్లు కలిపి 4,00,000 రూపాయలు, మూడు ఫేజుల కరెంటు కనెక్షను, వైరింగు 50,000, మడిగె అడ్వాన్సు, గచ్చు పని 40,000, చేతి ఖర్చులకు 40,000 అనుకుందాం. మొత్తం 5,30,000. ఇందులో సొంత డబ్బు 1,30,000, అంటే దాదాపు నాలుగో వంతు. బ్యాంకును అడిగేది 4,00,000. ముద్రాలో 50,000 దాటి 5 లక్షల వరకు కిశోర్ తరగతి కాబట్టి ఇది అందులోకి వస్తుంది, తాకట్టు అడగరు. యంత్రాల డబ్బును బ్యాంకు సాధారణంగా అమ్మేవాడి ఖాతాకే నేరుగా పంపుతుంది. అందుకే కొటేషను మీద జీఎస్టీ నంబరు, ఖాతా వివరాలు ఉండాలి. కనెక్షనుకు ఎంతవుతుందో ఎన్పీడీసీఎల్ వాళ్లు వేసిన ఎస్టిమేటు జతచేస్తే, 50,000 అన్నది నోటికొచ్చిన అంకె కాదని తెలుస్తుంది.

వడ్డీ 11 శాతం, గడువు 60 నెలలు అనుకుంటే నెల కిస్తీ సుమారు 8,700 అవుతుంది. మూడేళ్లలోనే తీర్చేస్తామని చెబితే మేనేజరు మెచ్చుకుంటారని చాలామంది అనుకుంటారు. 36 నెలలకైతే కిస్తీ సుమారు 13,100 అవుతుంది, అంత కిస్తీని గిర్ని వర్షాకాలంలో మోయలేదు. గిర్ని పని అన్ని నెలలూ ఒకేలా ఉండదన్నదే ఈ వ్యాపారంలో అసలు చిక్కు, మేనేజరు చూసేదీ దాన్నే.

ఎనుమాముల మార్కెట్టుకు కొత్త మిర్చి దిగే రోజుల తర్వాత, మార్చి నుంచి మే వరకు, జనం ఏడాదికి సరిపడా కారం పట్టించుకుంటారు. ఆ మూడు నెలల్లో రోజుకు 60 కిలోల మిర్చి కిలోకు 30 చొప్పున, 60 కిలోల పిండి కిలోకు 6 చొప్పున పట్టినా, 26 పని దినాలకు సుమారు 56,000 వస్తుంది. మిగిలిన తొమ్మిది నెలలు జొన్నపిండి, గోధుమపిండి, పసుపు, కొద్దిగా కారం కలిపి రోజుకు వెయ్యి, నెలకు 26,000 అనుకుందాం. సంక్రాంతి ముందు సకినాల పిండికి వచ్చే రద్దీని నేను కావాలనే లెక్కలో వేయలేదు. అది చేతిలో ఉంచుకోవలసిన సొమ్ము.

సీజను నెలలో 56,000లోంచి కిరాయి 5,000, కరెంటు 7,000, పనిమనిషి జీతం 9,000, జల్లెడలు, బెల్టులు, రిపేర్లకు 2,000, ఇంటి ఖర్చుకు 10,000 తీసేస్తే 23,000 మిగులుతుంది. కిస్తీ కట్టాక ఇంకా 14,300 చేతిలో ఉంటుంది. మిగతా నెలల్లో పనిమనిషి అక్కర లేదు. 26,000లోంచి కిరాయి 5,000, కరెంటు 3,500, రిపేర్లు 1,000, ఇంటికి 10,000 పోతే 6,500 మాత్రమే మిగులుతుంది. అంటే నెలకు 2,200 తక్కువ పడుతుంది, తొమ్మిది నెలలకు అది 19,800. మూడు సీజను నెలల్లో మిగిలే 42,900లోంచి ఈ లోటు పూడ్చినా ఏడాదికి 23,100 నిలుస్తుంది.

ఈ లోటును చాలామంది మేనేజరుకు చెప్పరు, నెలకు 33,500 వస్తుందని సగటు చెప్పి ఊరుకుంటారు. ఆయన ఆ సగటును నమ్మరు, ఎందుకంటే ఆయన వచ్చి పక్క వీధిలోని గిర్ని ముందు నిలబడి జులైలో ఎంత పని ఉంటుందని అడగగలరు. లోటు ఉందని మనమే చెప్పి, దాన్ని ఎలా పూడుస్తామో కూడా చెబితే ఆయన అడిగేది తగ్గుతుంది.

మీ తమ్ముడు ఇలా మాట్లాడితే చాలు, రెండు నిమిషాలు పట్టదు:

"నమస్తే సార్. నేను రెండేండ్లు మా మామ గిర్నిలో పనిచేసిన. ఇప్పుడు సొంతంగ పెట్టుకుంటున్న. ఖర్చు మొత్తం అయిదు లక్షల ముప్పై వేలు. నా దగ్గర లక్షా ముప్పై వేలు ఉన్నయి, నాలుగు లక్షలు అడుగుతున్న. అయిదేండ్లకు కిస్తీ ఎనిమిది వేల ఏడు వందల దాక వస్తది. మార్చి నుంచి మే దాక కిస్తీ పోను నెలకు పద్నాలుగు వేలు మిగులుతయి. మిగిలిన తొమ్మిది నెలలు నెలకు రెండు వేల రెండు వందలు తక్కువ పడతయి సార్. అందుకని సీజన్ల మిగిలినవాటిలకెళ్లి ఇరవై వేలు మీ బ్యాంకులనే వేరే ఖాతాల పెడత, తక్కువ పడ్డ నెల దాంట్లకెళ్లి కిస్తీకి పోతయి. లెక్క ఈ కాయితం మీద రాసిన."

ఇది విన్నాక సాధారణంగా వచ్చే ప్రశ్న, "పని పదోవంతు తగ్గితే?" అన్నది. ఏడాది రాబడి సుమారు 4,02,000 కాబట్టి పదోవంతు అంటే 40,200. మిగులు 23,100 పోయి ఇంకా 17,100 తక్కువ పడుతుంది. ఇంటికి తీసుకునే పదివేలను ఎనిమిదిన్నర వేలకు తగ్గించుకుంటే ఏడాదికి 18,000 కలిసివస్తుంది. "ఇంటి ఖర్చు తగ్గించుకుంట సార్" అని ఊరికే అనడం వేరు, పదిహేను వందలు తగ్గించుకుంటే సరిపోతుందని కాగితం మీద చూపడం వేరు.

మీరు పంపే డబ్బు రెండు చోట్ల పనికొస్తుంది. సొంత వాటాగా చూపే 1,30,000లో తక్కువ పడితే అది పంపండి, అయితే బ్యాంకు ద్వారా, తమ్ముడి ఖాతాకే, మాట్లాడడానికి ఒక రోజు ముందు కాకుండా కొన్ని వారాల ముందే పంపండి. చివరి నిమిషంలో ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని పెద్ద మొత్తాన్ని చూస్తే మేనేజరు అది చేబదులు అనుకుంటారు. అన్న ఇచ్చిన బహుమానానికి మన దేశంలో తమ్ముడికి ఆదాయపు పన్ను లేదు, ఆ సంగతి రాసిన ఒక ఉత్తరం దగ్గర ఉంచుకుంటే చాలు. రెండోది, మూడు కిస్తీలకు సరిపోయే 26,100 అతని పేరున ఫిక్సుడు డిపాజిట్టు వేయించడం. కిస్తీ 90 రోజులకు మించి బాకీ పడితే ఖాతా మొండిబాకీ కిందికి వెళ్తుంది కనుక ఆ మూడు నెలల నిల్వకు విలువ ఉంది. మీరు నెలనెలా పంపబోయే సొమ్మును మాత్రం కిస్తీ లెక్కలో రాయవద్దు.

లోను చేతికి వచ్చే నెల కూడా ముఖ్యమే. జనవరిలో వస్తే ఫిబ్రవరికి యంత్రాలు బిగించి, మార్చి సీజనుకు అందుకోవచ్చు. మొదటి మూడు నెలలు వడ్డీ మాత్రమే కట్టే వెసులుబాటు అడిగితే, నెలకు సుమారు 3,670 వడ్డీ కట్టుకుంటూ ఏప్రిల్ నుంచి పూర్తి కిస్తీ మొదలుపెట్టవచ్చు. అదే జూన్‌లో వస్తే, సీజను చూడకముందే తొమ్మిది లోటు నెలలు మీద పడతాయి, పైగా కొత్త గిర్నికి అలవాటైన గిరాకీ ఉండదు. ఆలస్యమైతే వచ్చే జనవరి దాకా ఆగమనే నేనంటాను, మీ తమ్ముడికి అది నచ్చకపోవచ్చు.

వెసులుబాటు అడిగేటప్పుడు ఆ మూడు నెలలు 60 నెలల్లో కలుస్తాయా, విడిగా ఉంటాయా అని కూడా అడగమనండి. కలిస్తే మిగిలేది 57 నెలలే కాబట్టి కిస్తీ 8,700 కాక సుమారు 9,040 అవుతుంది, అప్పుడు లోటు నెలల్లో 2,200 బదులు 2,540 తక్కువ పడుతుంది, వేరే ఖాతాలో 20,000 కాక 23,000 పెట్టుకోవాలి. కాగితం మీద రాసిన అంకెలను ఆ సాయంత్రమే మార్చుకుని, మార్చిన కాగితాన్నే మంజూరు రోజు తీసుకుని వెళ్లమనండి.