ఆప్షన్లు వెస్ట్ అయితే షేర్లు వచ్చినట్టు కాదు

ప్రశ్న: శాన్‌హోసేలో ఒక చిన్న స్టార్టప్‌లో చేరాను, హెచ్-1బి మీద ఉన్నాను. ఆఫర్ లెటర్‌లో 48,000 స్టాక్ ఆప్షన్లు, నాలుగేళ్ల వెస్టింగ్, ఏడాది క్లిఫ్ అని ఉంది. ఏడాది దాటాక ఎన్ని షేర్లు నావవుతాయి?

ఒక్క షేరు కూడా కాదు. ఏడాది క్లిఫ్ అంటే, ఏడాది నిండేవరకు మీకు ఏ హక్కూ ఉండదు. పదకొండో నెలలో ఉద్యోగం పోతే ఖాళీ చేతులతో బయటికి రావాలి. ఏడాది నిండిన రోజున నాలుగో వంతు, అంటే 12,000 ఆప్షన్లు, ఒకేసారి వెస్ట్ అవుతాయి. ఆ తర్వాత మామూలుగా నెలకు 1,000 చొప్పున 36 నెలలు. కానీ వెస్ట్ అయ్యేది కొనే హక్కు మాత్రమే. ముందే నిర్ణయించిన ధరకు మీ సొంత డబ్బు కట్టి కొన్నప్పుడే షేరు మీది అవుతుంది.

ఆ ధర ఆఫర్ లెటర్‌లో సాధారణంగా కనిపించదు. మీరు చేరాక బోర్డు సమావేశమై గ్రాంటుకు ఆమోదం తెలిపిన రోజున, షేరు విలువను పన్ను నిబంధనల కోసం లెక్కగట్టే 409ఎ వాల్యుయేషన్ ప్రకారం దాన్ని ఖాయం చేస్తారు. వెస్టింగ్ లెక్క సాధారణంగా చేరిన తేదీ నుంచే నడుస్తుంది. ధర మాత్రం బోర్డు తేదీది. ఈ మధ్యలో కంపెనీ కొత్త పెట్టుబడి తెచ్చుకుంటే మీ ధర పెరిగిపోవచ్చు. అందుకే గ్రాంటు ఎప్పుడు బోర్డు ముందుకు వెళుతుందని చేరిన వారంలోనే అడగండి. రిక్రూటర్లు పెట్టుబడిదారులు కట్టిన ప్రిఫర్డ్ షేరు ధరతో మీ ఆప్షన్ల సంఖ్యను గుణించి ‘ఇంత ప్యాకేజీ’ అని చూపిస్తారు. అది నాకు ఎప్పుడూ మండిపోయే విషయం. మీకు దక్కేది కామన్ షేరు. కంపెనీ అమ్ముడుపోతే ముందుగా డబ్బు తీసుకునేది ప్రిఫర్డ్ వాళ్లు. కంపెనీ మొత్తం షేర్లు ఎన్నో చెప్పకుండా 48,000 అనే అంకె ఒక్కటే చెబితే దానికి అర్థమే లేదు.

ఇప్పుడు అసలు చెప్పవలసింది. నా పాత రూమ్మేట్‌కీ సరిగ్గా 48,000 ఆప్షన్లే ఇచ్చారు, ధర డాలరున్నర. రెండున్నరేళ్లకు, నవంబరులో, లేఆఫ్‌లో ఉద్యోగం పోయింది. అప్పటికి 30,000 వెస్ట్ అయ్యాయి. వచ్చిన లేఖలో మూడో పేజీలో ఒక్క వాక్యం ఉంది: 90 రోజుల్లో కొనకపోతే అన్నీ రద్దు. మొత్తం కొనడానికి 45,000 డాలర్లు కావాలి. పైగా అప్పటికి షేరు విలువను 5 డాలర్లుగా లెక్కగట్టారు. అంటే షేరుకు మూడున్నర చొప్పున 1,05,000 డాలర్ల ‘లాభం’. అతనివి ఐఎస్‌ఓ అనే, పన్ను సౌలభ్యం ఉన్న రకం ఆప్షన్లు కాబట్టి, కొన్న షేర్లను ఆ ఏడాదిలో అమ్మకుండా ఉంచుకుంటే ఈ లాభం ఏఎంటీ అనే ప్రత్యామ్నాయ పన్ను లెక్కలోకి వస్తుంది. షేర్లను బయట అమ్ముకునే దారి లేకపోయినా సరే.

మరోవైపు అతనిలా హెచ్-1బి మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోయాక దేశంలో ఉండేందుకు ఇచ్చే గడువు గరిష్ఠంగా 60 రోజులు. వంటింటి క్యాలెండర్ మీద ఆ రెండు తేదీలనూ ఎర్ర పెన్నుతో చుట్టి, పగలు ఇంటర్వ్యూలు, రాత్రి ఈ లెక్కలు. ఇల్లు ఖాళీ చేయాలో, విమానం ఎక్కాలో తెలియని సమయంలో ఉన్న పొదుపంతా అమ్మలేని కాగితాల మీద పెట్టగలమా?

పన్నుల అకౌంటెంట్ చూపిన దారి ఇది. నవంబరులో మొదలైన 90 రోజులు ఫిబ్రవరి దాకా వస్తాయి, అంటే రెండు పన్ను సంవత్సరాలు. డిసెంబరులో 5,000, జనవరిలో 5,000 కొన్నాడు. ఏ ఏడాదిలోనూ ఏఎంటీ పడకుండా ఆ అంకెను ముందే లెక్కించారు. ఖర్చు 15,000 డాలర్లు. మిగిలిన 20,000 కంపెనీకే తిరిగి వెళ్లిపోయాయి, అతను రెండున్నరేళ్లు పనిచేసి సంపాదించుకున్నవి! ఇది నాకు అన్యాయంగానే కనిపిస్తుంది. పింటరెస్ట్ 2015లో, కనీసం రెండేళ్లు పనిచేసినవాళ్లకు ఈ గడువును ఏడేళ్లకు పెంచింది. మిగతావాళ్లు తలచుకుంటే చేయలేనిదేమీ కాదు. ఉద్యోగం మానేసిన మూడు నెలల తర్వాత కొంటే ఐఎస్‌ఓ పన్ను సౌలభ్యం పోతుంది, లాభం మీద జీతంలా పన్ను వేస్తారు. అయినా హక్కు మొత్తం పోవడం కంటే అది నయం.

కాబట్టి మీ గ్రాంటు ఒప్పందంలో ఉద్యోగం మానేశాక కొనే గడువు ఎంతో, జీతం లేని సెలవులో వెస్టింగ్ ఆగుతుందా లేదా అన్న రెండు చోట్లూ ఈ రోజే చదవండి. వీసా స్టాంపింగ్‌కు హైదరాబాద్ వెళ్లి నెలల తరబడి ఇరుక్కుంటే ఆ రెండోది క్లిఫ్‌నే ఆలస్యం చేయవచ్చు. మీరే మానేయాలనుకుంటే, చివరి పనిదినం చెప్పేముందు ఆ నెల వెస్టింగ్ ఏ తేదీన పడుతుందో కంపెనీ పోర్టల్‌లో చూసుకోండి.