సెంట్రిఫ్యూజ్ ఎస్‌ఓపీ: మీ మిషన్‌ను కొలిచాకే రాయండి

ప్రశ్న: డీఎంఎల్‌టీ అయిపోయింది సార్. దేవరకొండల ఒక చిన్న ల్యాబ్‌ల టెక్నీషియన్‌గా చేరిన. మూడు నెలలు చూసి పర్మనెంట్ చేస్తమన్నరు. ముందుగాల సెంట్రిఫ్యూజ్‌కు ఎస్‌ఓపీ రాసియ్యమన్నరు. మాది ఎనిమిది ట్యూబులు పట్టే పాత మిషన్. అన్నిటికీ 3000 మీద పది నిమిషాలు తిప్పుతున్నం. అదే రాస్తే సరిపోతదా?
– ఒక విద్యార్థిని, నల్లగొండ జిల్లా

జవాబు: సరిపోదమ్మా. 3000 అనేది మిషన్ ఎన్ని చుట్లు తిరుగుతుందో చెబుతుంది గానీ, రక్తకణాలను ఎంత బలంతో అడుగుకు నెడుతుందో చెప్పదు. ట్యూబుల కంపెనీలు సూచించేది ఆ బలాన్నే. దాన్ని ఆర్‌సీఎఫ్ అంటారు, 'జి'లలో చెబుతారు. అది రోటార్ వ్యాసార్ధం మీద కూడా ఆధారపడుతుంది కాబట్టి వేరే ల్యాబ్ ఎస్‌ఓపీని ఎత్తి రాస్తే మీ మిషన్‌కు పొసగదు.

ముందు ప్లగ్ తీసేసి, స్కేలుతో రోటార్ నడిమి నట్టు మధ్య నుంచి ట్యూబు అడుగు చేరే చోటి దాకా అడ్డంగా కొలవండి. సెంటీమీటర్లలో వచ్చిన ఆ అంకెను r చోట, నిమిషానికి తిరిగే చుట్లను N చోట పెట్టండి.

```
RCF = 0.00001118 × r × N × N
```

మీ కొలత 10 సెంటీమీటర్లు వచ్చిందనుకుందాం. 3000 మీద బలం సుమారు 1006 జి. జెల్ ఉన్న సీరమ్ ట్యూబులకు సాధారణంగా 1000 నుంచి 1300 జి అడుగుతారు, అంటే మీరు అంచు మీద ఉన్నారు. స్పీడు కాస్త తగ్గినా జెల్ సరిగా అడ్డుపడదు. 3300 పెడితే 1217 జి వస్తుంది. పీటీ, ఏపీటీటీ చేసే సిట్రేట్ ట్యూబుకు 1500 జి, 15 నిమిషాలు కావాలి. దానికి 3700 పెట్టాలి. మూత్రం సెడిమెంట్‌కు 400 జి, 5 నిమిషాలు చాలు, అంటే 1900. మీ కొలతతో ఈ మూడు వరుసలూ లెక్కగట్టి మిషన్ మూత పక్కన అతికించండి. పెట్టే ముందు ఆ స్పీడు మీ రోటార్ గరిష్ఠ పరిమితి లోపలే ఉందని మాన్యువల్‌లో చూసుకోవాలి. ట్యూబు పెట్టె మీద వేరే అంకె ఉంటే దాన్నే పాటించండి.

ఇక బ్యాలెన్సింగ్. చాలామంది "ఎదురెదురుగా పెట్టాలి" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తారు. ఎందుకో తెలిస్తే ఎవరూ అలా వదలరు. ఒక పక్క ట్యూబు 2 గ్రాములు ఎక్కువ ఉందనుకోండి. 1200 జి దగ్గర ఆ తేడా 2.4 కిలోల బరువై ఇరుసును లాగుతుంది. 3300 మీద ఆ లాగుడు సెకనుకు 55 సార్లు చుట్టూ తిరుగుతుంది. మిషన్ బల్ల మీద జరగడం, బేరింగ్ అరగడం, ట్యూబు పగలడం, విడిపోయిన పొర మళ్లీ కలిసిపోవడం అన్నీ అక్కడి నుంచే మొదలవుతాయి.

ఉదయం మీ దగ్గర మూడు సీరమ్ ట్యూబులు, రెండు సిట్రేట్ ట్యూబులు ఉన్నాయనుకుందాం. రెండింటికీ బలం, సమయం వేరు కాబట్టి కలిపి తిప్పకూడదు. సీరమ్ ట్యూబులను రక్తం తీసిన తర్వాత 30 నిమిషాలు నిటారుగా నిలబెట్టి గడ్డకట్టనివ్వండి. తొందరపడితే సీరమ్‌లో ఫైబ్రిన్ పోగులు మిగిలి అనలైజర్ ప్రోబ్‌కు అడ్డం పడతాయి. తర్వాత రెండింటిని 1, 5 గుంతల్లో, మూడోదాన్ని 2లో పెట్టి, 6లో నీళ్ల ట్యూబు పెట్టండి. ఆ నీళ్ల ట్యూబు అదే కంపెనీది, అదే సైజుది, అదే మూతతో ఉండాలి. నీళ్లు రక్తం కన్నా తేలిక కాబట్టి మట్టం సమానమైనా బరువు కాస్త తక్కువే ఉంటుంది. తక్కెడ ఉంటే తూచి సరిచేయండి. మాన్యువల్‌లో అనుమతించిన తేడా దొరక్కపోతే, అర గ్రాము దాటొద్దని రాసుకోవడం మంచిది. సిట్రేట్‌వి రెండే కాబట్టి, రక్తం మట్టం సమానంగా ఉంటే, తర్వాత వాటినే 1, 5లో పెట్టుకోవచ్చు.

ట్యూబులన్నీ సరిగ్గా తూచినా మిషన్ వణికితే గుంతల అడుగున ఉండే రబ్బరు కుషన్లు చూడండి. శుభ్రం చేసేటప్పుడు ఒకటి ఊడిపోయి పారేసిన చెత్తలోకి వెళ్లడం మామూలు. దాంతో అక్కడ బరువు తగ్గుతుంది, ట్యూబు అడుగు నేరుగా లోహానికి తగిలి చిట్లుతుంది. అందుకే ఎస్‌ఓపీలో ఉదయం మొదటి పని కుషన్లు ఎనిమిదీ లెక్కపెట్టడం, రోటార్ నట్టు బిగువు, గుంతల్లో పగుళ్లు చూడటం అని రాయండి. స్విచ్ వేశాక మిషన్ పూర్తి స్పీడు అందుకునే దాకా పక్కనే నిలబడాలి. శబ్దం మారితే వెంటనే ఆపాలి. పూర్తిగా ఆగే దాకా మూత తీయకూడదు, రోటార్‌కు చెయ్యి అడ్డం పెట్టి ఆపకూడదు.

శుభ్రానికి హైపోక్లోరైట్ రోజూ వాడకండి. అది అల్యూమినియం రోటార్‌ను తింటుంది, ఆ తెల్లటి చిన్న గుంటలే తర్వాత పగుళ్లవుతాయి. సాయంత్రం ప్లగ్ తీసి, తేలికపాటి డిటర్జెంట్‌లో తడిపి పిండిన గుడ్డతో తుడిచి, ఆపైన 70 శాతం ఆల్కహాల్‌తో తుడిచి, మూత తెరిచి ఆరనివ్వండి. పాత మిషన్ల మోటార్లో కార్బన్ బ్రష్‌ల దగ్గర నిప్పురవ్వలు వస్తాయి, ఆల్కహాల్ ఆరకుండా స్విచ్ వేయొద్దు. ట్యూబు పగిలిన రోజు పద్ధతి వేరు. ఆపేసి 30 నిమిషాలు మూత తీయకండి, గాల్లో తేలే రక్తపు తుంపర దిగాలి. తర్వాత మందపాటి గ్లవ్స్, మాస్క్ వేసుకుని గాజుముక్కలను ఫోర్సెప్స్‌తోనే ఏరి నీలం గుర్తున్న, గుచ్చుకుపోని డబ్బాలో వేయండి. మిషన్ లోపలి గిన్నెను మాన్యువల్ ఒప్పుకున్న క్రిమిసంహారకంతో తడిపి, అందులో రాసిన సమయం దాకా ఉంచి, నీటిగుడ్డతో తుడవండి.

స్పీడు చెకింగ్‌కు తాకకుండా కొలిచే ఆప్టికల్ టాకోమీటర్ వాడతారు. రోటార్ మీద మెరిసే టేపు ముక్క అంటించి, మూతలోని కిటికీ గుండా చూడాలి. కిటికీ లేకపోతే మూత తెరిచి తిప్పే సాహసం చేయకండి, సర్వీస్ ఇంజినీర్‌తో చేయించండి. 3300 పెట్టినప్పుడు 2970 చూపించిందనుకోండి, స్పీడు పది శాతమే తగ్గింది కదా అనిపిస్తుంది. కానీ బలం స్పీడు వర్గాన్ని బట్టి ఉంటుంది, కాబట్టి 1217 నుంచి 986 జికి, దాదాపు ఐదో వంతు పడిపోయింది. జెల్ ట్యూబుకు అది చాలదు. తేడా 5 శాతం దాటితే మిషన్‌ను పక్కన పెట్టాలని ఎస్‌ఓపీలో రాయండి. అప్పుడు కూడా జెల్ ట్యూబును రెండోసారి తిప్పకండి, జెల్ కింద కణాల్లోంచి బయటికొచ్చిన పొటాషియం పైకి కలిసి రిపోర్టులో ఎక్కువగా కనిపిస్తుంది.

బ్రష్ మోటారు మిషన్లలో కరెంటు ఓల్టేజీ పడితే స్పీడూ పడుతుంది. కాబట్టి ఉదయం ఒకసారి, మీ ఊళ్లో ఎండాకాలం మధ్యాహ్నం లైట్లు మసకబారే వేళ మరోసారి కొలవండి. మధ్యాహ్నమే తగ్గుతుంటే స్టెబిలైజర్ కావాలి. రెండు పూటలా తగ్గుతుంటే బ్రష్‌లు అరిగాయేమో ఇంజినీర్ చూడాలి. టైమర్‌ను కూడా అప్పుడే స్టాప్‌వాచ్‌తో సరిచూడండి. ఆరు నెలలకోసారి, రిపేరు అయిన ప్రతిసారీ ఈ పరీక్ష చేయాలి.

లాగ్‌బుక్‌లో తేదీ, పెట్టిన స్పీడు, కొలిచిన స్పీడు, టైమర్ తేడా, శుభ్రం చేసినవారి సంతకంతో పాటు "తేడా వస్తే ఏం చేశాం" అనే గడి తప్పకుండా పెట్టండి. ఎన్‌ఏబీఎల్ తనిఖీకి వచ్చేవాళ్లు ఆ గడినే వెతుకుతారు, మీ యజమాని కూడా అక్కడే ఆగి చదువుతారు. రేపు ల్యాబ్‌కు వెళ్లగానే ప్లగ్ తీసి r కొలవండి, మిగతా అంకెలన్నీ దాన్నిబట్టే వస్తాయి.